ఏటా జరిపే ఆక్వా సదస్సుకు పేరు కావాలి: పదేళ్లు నిలవాలి, స్పాన్సర్లూ ఒప్పుకోవాలి

కొల్లేరు రవి
అందరికీ నమస్కారం. భీమవరం చుట్టుపక్కల రొయ్య రైతులు, హేచరీల వాళ్లు, మేత డీలర్లు కలిసిన సంఘం మాది. ఏటా ఓ ఫంక్షన్ హాల్లో ఒకరోజు మీటింగు పెట్టుకుంటాం. ఇన్నాళ్లూ బ్యానరు మీద "వార్షిక సమావేశం" అని కొట్టించి సరిపెట్టాం. వచ్చే ఏడాది నుంచి రెండు రోజులు, స్టాళ్లతో సహా పెద్దగా చేద్దామనుకుంటున్నాం. అందుకని ఒక పేరు కావాలి.

కమిటీలో మూడు ప్రతిపాదనలు వచ్చాయి. "వనామీ సమ్మిట్ 2026" ఒకటి, వనామీ అంటే ఇప్పుడు మేం వేసే రొయ్య రకం. "ఇండియా ఇంటర్నేషనల్ ష్రింప్ కాంక్లేవ్" రెండోది. మూడోది ఒక మేత కంపెనీ తెచ్చింది. పేరు మొదట్లో తమ బ్రాండు పెట్టి, దాన్నే సదస్సు పేరుగా మూడేళ్లు వాడితే ఏటా 8 లక్షలు ఇస్తామంటున్నారు. మా కోశాధికారి ఆ మాట విన్న దగ్గర్నుంచీ వేరే పేరు ఎత్తనివ్వడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఉండి సుబ్బరాజు
రవీ, నేను టైగర్ రొయ్య వేసిన కాలం నుంచీ చెరువుల్లోనే ఉన్నాను. 1990ల మొదట్లో ఈ మీటింగు పెట్టి ఉంటే దానికి "టైగర్ సమ్మిట్" అనే పేరు పెట్టేవాళ్లం, అనుమానమే లేదు. 1994-95లో తెల్లమచ్చ జబ్బు వచ్చి చెరువులకు చెరువులే ఖాళీ అయ్యాయి. 2009లో వనామీకి అనుమతి వచ్చాక పదేళ్లు తిరక్కుండానే టైగర్ మాటెత్తేవాడే లేకుండా పోయాడు. ఇప్పుడు చూడు, వ్యాధులు లేని తల్లి రొయ్యల నుంచి తీసిన టైగర్ పిల్ల దొరుకుతోందని మా ఊళ్లోనే కొందరు మళ్లీ వేస్తున్నారు. రొయ్య పేరు మీద సదస్సు పేరు పెట్టకు. పంట మారితే బ్యానరూ మార్చుకోవాలి.

నవీన్ కోడ్
మా సాఫ్ట్‌వేర్ లోకంలో ఇది రోజూ చూసేదే. హడూప్ అనే సాఫ్ట్‌వేర్ పేరు మీద హడూప్ సమ్మిట్ అని ఒకటి ఉండేది, 2017కల్లా డేటావర్క్స్ సమ్మిట్ అయింది. అలాగే ఇంకో సాఫ్ట్‌వేర్ పేరు పెట్టుకున్న స్పార్క్ సమ్మిట్ ముందు స్పార్క్ + ఏఐ సమ్మిట్ అయింది, ఆ తర్వాత స్పార్క్ మాటే తీసేసి డేటా + ఏఐ సమ్మిట్ అన్నారు. మేం హైదరాబాద్‌లో నడిపే చిన్న గ్రూపుకి కూడా ఒక ఫ్రేమ్‌వర్క్ పేరే ఉంది. ఇప్పుడు దాన్ని వాడేవాళ్లు సగం మంది కూడా లేరు. అయినా మార్చుదామంటే అది తయారుచేసిన అసలు కంపెనీ నియమాలు, లోగో గొడవ... అది వేరే కథ, ఇంకో టపాలో రాస్తాను.

ఈవెంట్ల శ్రీధర్
రవి గారూ, హైదరాబాద్‌లో ట్రేడ్ షోలు చేయించడం నా వృత్తి. ఈ రకం పొరపాటు చిన్నవాళ్లే చేస్తారనుకోకండి. బార్సిలోనాలో జరిగే మొబైల్ పరిశ్రమ జాతర అందరికీ తెలుసు. మొదట్లో అది జీఎస్‌ఎమ్ వరల్డ్ కాంగ్రెస్, తర్వాత 3జీఎస్‌ఎమ్ వరల్డ్ కాంగ్రెస్. అంటే ఆ రోజు వాడుకలో ఉన్న నెట్‌వర్క్ టెక్నాలజీయే పేరు. 2006లో ఫ్రాన్స్‌లోని కాన్ నుంచి బార్సిలోనాకు మారినప్పుడు కూడా అదే పేరుతో వెళ్లింది. 3జీ తర్వాత 4జీ వస్తుందని నిర్వాహకులకు తెలియక కాదు, వాళ్లే ఆ పరిశ్రమ. చివరికి 2008లో మొబైల్ వరల్డ్ కాంగ్రెస్ అన్నారు. ఇప్పుడు మూడక్షరాలే మిగిలాయి, ఎమ్‌డబ్ల్యూసీ.

అక్కడ గమనించాల్సింది ఒకటుంది. "మొబైల్" అన్న మాట సరుకుది కాదు, వచ్చే జనానిది. ఫోన్లు అమ్మేవాడు, టవర్లు వేసేవాడు, చిప్‌లు చేసేవాడు, అందరూ "మేం మొబైల్‌లో ఉన్నాం" అని చెప్పుకునేవాళ్లే. మీ దగ్గర ఆ పని చేసే మాట "ఆక్వా". చేపల చెరువువాడూ, రొయ్యల చెరువువాడూ, ఏరేటర్లు అమ్మేవాడూ, ఐసు ప్లాంటువాడూ, అప్పిచ్చే బ్యాంకు మేనేజరూ ముందు "ఆక్వా" అనే అంటారు.

రెండో ప్రతిపాదనతో జాగ్రత్త. పేరులో "ఇంటర్నేషనల్" కనిపించగానే స్పాన్సరు అడిగే మొదటి ప్రశ్న, విదేశీ ప్రతినిధులు ఎంతమంది, ఏ దేశాల వాళ్లు అని. నిరుడు మీ దగ్గరికి ఎవరొచ్చారు?

కొల్లేరు రవి
వియత్నాం నుంచి ఒక హేచరీ టెక్నీషియన్ వచ్చాడండీ. అదీ మా మెంబరు ఒకాయన చుట్టపు చూపుగా పిలిస్తే.

కైకలూరు మేత షాపు
అన్నా నేను కొత్తగా మేత, మందుల షాపు పెడుతున్నా. మంచి పేరు చెప్పండి. సంఖ్యాశాస్త్రం ప్రకారం ‘శ’తో మొదలవ్వాలంట.

ఉండి సుబ్బరాజు
బాబూ, ఇక్కడ మాట్లాడేది షాపు గురించి కాదు, సదస్సు గురించి. షాపుకి మీ అమ్మగారి పేరు పెట్టుకో, ఎవరూ కాదనరు.

లక్ష్మి (మార్కెటింగ్)
నేను అటువైపు కూర్చునే మనిషిని. చెరువుల్లో వాడే ప్రోబయోటిక్స్, మినరల్స్ అమ్మే కంపెనీలో మార్కెటింగ్ చూస్తాను. మా టేబుల్ మీదికి స్పాన్సర్‌షిప్ లెటర్ వస్తే ఏం జరుగుతుందో చెప్తాను.

నేను దాన్ని ఒక పేజీ నోటుగా రాసి చెన్నైలో ఉన్న హెడ్డాఫీసుకి పంపాలి. అక్కడ సంతకం పెట్టేవాళ్లకి భీమవరం ఎక్కడుందో తెలియకపోవచ్చు. నోటులో మొదటి వరుసలో ఉండేది సదస్సు పేరే. ఆ పేరు చూడగానే ఎవరి కోసమో అర్థమవ్వాలి, మేం అమ్మే సరుకు అందులో ఇమడాలి. "ష్రింప్" అని ఉంటే చేపల మందుల విభాగం "ఇది మాకు సంబంధించింది కాదు" అని తన వాటా ఇవ్వదు. "ఆక్వా" అని ఉంటే రెండు విభాగాలూ చెరిసగం పెట్టుకుంటాయి. పేరులో ఒక్క మాటకి డబ్బు సగమో, రెట్టింపో అవుతుంది.

చివరి మాట కూడా పట్టించుకోండి. "ఎక్స్‌పో" అంటే స్టాలు కొనుక్కోమంటున్నారని అనుకుంటాం, అది సేల్స్‌వాళ్ల బడ్జెట్టు, బేరం ఆడతారు. "సదస్సు", "కాన్ఫరెన్స్" అంటే బ్రాండు బడ్జెట్టు, అందులో వేదిక మీద మా శాస్త్రవేత్తకి ఇరవై నిమిషాలు ఇస్తారా అని అడుగుతాం. మీకు రెండూ కావాలంటే సదస్సు అని పేరు పెట్టి లోపల స్టాళ్లు పెట్టుకోండి. ఎక్స్‌పో అని పేరు పెట్టి ఉపన్యాసాలు వినమంటే ఎవరూ కుర్చీల్లో కూర్చోరు.

ఇక ఆ 8 లక్షల సంగతి. వేరే మేత కంపెనీ బ్రాండు సదస్సు పేరులోనే ఉంటే మేం రాము. మేం మేత అమ్మం, అయినా రాము. ఎందుకంటే మా డీలర్లలో చాలామంది పోటీ కంపెనీ మేత అమ్ముకునేవాళ్లే. వాళ్లు రాని చోట మాకు పనేంటి?

తణుకు కిరణ్
నాదొక సలహా. ఏ పేరైనా పెట్టండి కానీ ముందు ట్రేడ్‌మార్క్ చేయించండి. రిజిస్టర్ అయిపోతే ఇక ఎవడూ ముట్టుకోలేడు, స్పాన్సర్లు కూడా నమ్ముతారు. ఆన్‌లైన్లో 4,500 కడితే అయిపోతుంది. "ఆక్వా కాన్ఫరెన్స్" అని సింపుల్‌గా చేయించేసుకోండి, దేశంలో ఇంకెవరూ ఆ మాట వాడకుండా ఆపొచ్చు.

అడ్వకేట్ పద్మజ
కిరణ్ గారూ, సగం కరెక్టు. రిజిస్టర్ చేయించుకోమనడం మంచి సలహానే. కానీ "ఆక్వా కాన్ఫరెన్స్" అనేది ఆ సరుకేమిటో చెప్పే మాట, అంతే. ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లో సెక్షన్ 9 కింద అలాంటి వర్ణన మాటలకీ, ఊరి పేర్లకీ అభ్యంతరం వస్తుంది. లోగోతో కలిపి వేస్తే రిజిస్ట్రేషన్ రావచ్చు. అయితే అప్పుడు మీకు హక్కు ఆ మొత్తం బొమ్మ మీదే, అందులోని "ఆక్వా" మీద కాదు. పక్క ఊరివాళ్లు వేరే లోగోతో ఆక్వా కాన్ఫరెన్స్ పెట్టుకుంటే ఆపలేరు.

ఫీజు కూడా అందరికీ 4,500 కాదు. వ్యక్తులకీ, స్టార్టప్‌లకీ, చిన్న పరిశ్రమలకీ ఆ ధర. మిగతావాళ్లకి 9,000. అదీ ఒక్కో క్లాసుకి, అంటే ఒక్కో రకం సరుకుకో సేవకో. సదస్సుల నిర్వహణకు క్లాస్ 41, వాణిజ్య ప్రదర్శనలకు క్లాస్ 35. రవి గారి సంఘానికి రెండూ కావాలి. దరఖాస్తు సంఘం పేరు మీదే ఉండాలి. ఈవెంట్ మేనేజరు "నేను చూసుకుంటా సార్" అని తన పేరు మీద వేసి, తర్వాత గొడవపడి వెళ్లిపోతే పేరు కూడా అతనితోనే వెళ్తుంది. వెబ్‌సైటు డొమైన్‌ది కూడా ఇదే కథ.

ఇంకొక్కటి. "ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ", "రాష్ట్ర అధికారిక" లాంటి వాసన పేరులో రానివ్వకండి. సర్కారు అండ ఉందనిపించే పేర్లు అనుమతి లేకుండా వాడకూడదని 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం ఉంది. మంత్రిగారు ముఖ్య అతిథిగా వస్తే అది వేరు.

ఈవెంట్ల శ్రీధర్
శ్రీధర్ ఇక్కడ ఈవెంట్ మేనేజరే పద్మజ గారూ, నొచ్చుకున్నాను :) కానీ మీరు చెప్పింది నిజం, చూశాను.

రవి గారూ, కోశాధికారికి లెక్క చూపించాలి. నిరుడు మేత కంపెనీలు ఎంతిచ్చాయి? వాళ్ల డీలర్ల స్టాళ్లెన్ని?

కొల్లేరు రవి
నాలుగు కంపెనీలు లక్షన్నర చొప్పున ఇచ్చాయి. ఇప్పుడు 8 లక్షలంటున్నది ఆ నాలుగింటిలో ఒకటే. స్టాళ్లు నిరుడు లేవు. ఈసారి ఒక్కోటి 25 వేలు అనుకుంటున్నాం. మిగతా మూడు కంపెనీల డీలర్లు, వాళ్లతో ముడిపడ్డ హేచరీలు కలిపి ఓ పన్నెండు స్టాళ్లు తీసుకుంటామన్నారు.

ఈవెంట్ల శ్రీధర్
సరే, కాగితం మీద పెట్టండి. నాలుగు కంపెనీల నుంచి వచ్చేది 6 లక్షలు. దాని బదులు ఒకరి దగ్గర 8 వస్తుంది. కోశాధికారి కళ్లకి కనిపించేది ఈ 2 లక్షల లాభం. కానీ ఆ మూడు కంపెనీలతో పాటు పన్నెండు స్టాళ్లూ పోతాయి, అవి 3 లక్షలు. మొదటి ఏడాదే లక్ష నష్టం. లక్ష్మి గారి లాంటి మందుల కంపెనీలు తప్పుకోవడం ఇందులో కలపనే లేదు.

అంతకంటే పెద్ద చిక్కు నాలుగో ఏడు వస్తుంది. ఒప్పందం ముగుస్తుంది. ఆ కంపెనీ కొనసాగనంటే మీ సదస్సుకి పేరే ఉండదు. మూడేళ్లుగా జనం నోట్లో నానింది వాళ్ల బ్రాండు. కొనసాగుతానన్నా చిక్కే, ఎందుకంటే మీకు వేరే దారి లేదని వాళ్లకి తెలుసు. 8 కాస్తా 5 అవుతుంది.

ఐపీఎల్ చూడండి. డీఎల్ఎఫ్, పెప్సీ, వీవో, డ్రీమ్11, టాటా. ఇన్ని పేర్లు ముందు తగిలించారు, తీసేశారు. 2020లో వీవో పక్కకు తప్పుకుంటే డ్రీమ్11 వచ్చింది, మళ్లీ ఏడాది వీవో, 2022 నుంచి టాటా. ఎవరు వచ్చినా వెనక "ఐపీఎల్" కదల్లేదు. అందుకే ఒకడు పోయిన నెలకే ఇంకొకడికి అమ్ముకోగలిగారు. మీరూ అదే చేయండి. పైన చిన్న అక్షరాల్లో "ఫలానా ఫీడ్స్ సమర్పించు" అని ఒక వరుస, కింద పెద్దగా సదస్సు పేరు. ఆ రెండూ ఒకే ముక్కగా, ఒకే డిజైన్‌గా అతికించనివ్వకండి. ఒప్పందం ఒక ఏడాదికే రాసుకుని, మరుసటి ఏడాదికి ముందుగా వాళ్లనే అడుగుతామని ఒక క్లాజు పెట్టండి. ఆ క్లాజు చూపిస్తే చాలా కంపెనీలు మూడేళ్ల పట్టు వదిలేస్తాయి.

ఉండి సుబ్బరాజు
"2026" సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఏదైనా జబ్బో, తుఫానో వచ్చి వాయిదా పడితే?

నవీన్ కోడ్
టోక్యో 2020 ఒలింపిక్స్ 2021లో జరిగాయి, పేరు మార్చలేదు. యూరో 2020 ఫుట్‌బాల్ కూడా అంతే. సరుకంతా ముందే అచ్చయిపోయింది మరి. వెబ్ అడ్రసులో మాత్రం ఏడాది పెట్టకండి, ప్రతి ఏటా కొత్త డొమైన్ కొని పాత లింకులన్నీ పోగొట్టుకుంటారు. ఒకే డొమైన్, దాని లోపల ఏడాదికొక పేజీ.

ఈవెంట్ల శ్రీధర్
ఏడాది లోగో బయట ఉండాలి, అంతే. ఆ అంకె లేకుండా కూడా లోగో పూర్తిగా కనిపించాలి. అప్పుడు స్టాండీలు, బ్యాగులు, మెమెంటోలు మిగిలితే వచ్చే ఏటికి పనికొస్తాయి.

కొల్లేరు రవి
కమిటీలో ఈ టపా చదివి వినిపించాను. "వనామీ" పోయింది, "ఇంటర్నేషనల్" కూడా పోయింది. కోశాధికారి లక్ష నష్టం లెక్క దగ్గర ఆగాడు, ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఇప్పుడు "భీమవరం ఆక్వా సదస్సు" అనీ, "పశ్చిమ గోదావరి ఆక్వా సదస్సు" అనీ రెండు వచ్చాయి.

ఉండి సుబ్బరాజు
జిల్లా పేరు వద్దు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టారు కదా. కైకలూరు కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. ఒకప్పుడు ఏలూరు మన జిల్లా కేంద్రం, ఇప్పుడు భీమవరం. గీతలు గీసేవాళ్లు మళ్లీ గీస్తారు.

నవీన్ కోడ్
తెలంగాణలో మాకూ అదే అయింది. 2014 నుంచి అన్నిటికీ టీఎస్ అని పెట్టుకున్నారు. 2024లో అది టీజీ అయింది. టీఎస్‌ఆర్టీసీ టీజీఎస్‌ఆర్టీసీ అయిపోయింది. ప్రభుత్వం ఇచ్చిన పొట్టి అక్షరాల మీద పేరు పెట్టుకున్న సంఘాలు మళ్లీ బోర్డులు రాయించుకున్నాయి.

లక్ష్మి (మార్కెటింగ్)
నది పేరు వాడండి. "గోదావరి ఆక్వా సదస్సు". జిల్లా మారినా నది మారదు, చెన్నైలో కూర్చున్నవాళ్లకీ తెలుసు. ఊరి పేరు పెడితే వేదిక కాకినాడకో రాజమండ్రికో మార్చాల్సి వస్తే ఇబ్బంది.

నెల్లూరు శేషు
మాదేం పాపం? నెల్లూరు వైపు చెరువులు లేవా? ప్రతి ఏడాదీ మేం ఇరవై ముప్పై మందిమి కారులేసుకుని భీమవరం వస్తున్నాం. గోదావరి అని పెడితే అది మీ ఇంటి పండగ, మేం చుట్టాలం అన్నట్టు ఉంటుంది. మా వైపు హేచరీల వాళ్లు డబ్బులిచ్చేటప్పుడు ఇదే అంటారు, చూడండి. "తీరం ఆక్వా సదస్సు" అనొచ్చు కదా.

ఉండి సుబ్బరాజు
శేషూ, తీరం అంటే కొల్లేరు చుట్టూ ఉన్న మంచినీళ్ల చేపల చెరువులవాళ్లు అలుగుతారు. వాళ్లకి సముద్రంతో సంబంధం లేదు. నన్నడిగితే "చెరువుగట్టు" అని పెట్టండి. మనం మాట్లాడుకునేదంతా గట్టు మీదే. మేతట్రే తీసి చూసుకునేది గట్టు మీదే, కొనేవాడితో కౌంటు బేరమాడేదీ అక్కడే. ఏ ఊరివాడైనా, చేపైనా రొయ్యైనా గట్టు లేకుండా చెరువు లేదు.

ఈవెంట్ల శ్రీధర్
సుబ్బరాజు గారూ, ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. వర్ణన మాట కాదు కాబట్టి పద్మజ గారికీ నచ్చుతుంది. కానీ ఒకసారి ఫోన్లో వెతికి చూడండి. నల్గొండ జిల్లా చెరువుగట్టు జాతర, రామలింగేశ్వర స్వామి గుడి, ఆ వీడియోలే వస్తాయి. మీ సదస్సు నాలుగో పేజీలో కూడా కనిపించదు.

అడ్వకేట్ పద్మజ
"చెరువు" తీసేసి ఉత్త "గట్టు" అనొచ్చేమో. "గట్టు ఆక్వా సదస్సు". నాకు అభ్యంతరం లేదు, రిజిస్ట్రేషన్‌కి బలమైన మాటే. దరఖాస్తుకి ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైటులో 35, 41 రెండు క్లాసుల్లోనూ వెతకండి. ఇంగ్లిష్ అక్షరాల్లో దగ్గరి స్పెల్లింగులు కూడా.

లక్ష్మి (మార్కెటింగ్)
ఇంగ్లిష్ అక్షరాల్లో Gattu అని రాస్తే ముంబైలో ఉన్నవాళ్లకి ఒకప్పుడు ఏషియన్ పెయింట్స్ డబ్బా మీద ఉండే బుడ్డోడు గుర్తొస్తాడు. 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీసిన బొమ్మ అది, పేరు గట్టు. సరుకు వేరు కాబట్టి చట్టం సంగతి పద్మజ గారు చూసుకుంటారు. నేను మాత్రం ప్రతి నోటులోనూ "పెయింట్ల సదస్సు కాదు" అని రాసుకోవాలి.

తణుకు కిరణ్
అదే మంచిది కదండీ, పేరు గుర్తుండిపోతుంది.

లక్ష్మి (మార్కెటింగ్)
గుర్తుండేది పెయింటు.

కొల్లేరు రవి
ఆదివారం కమిటీ కూర్చుంటోంది. "గోదావరి ఆక్వా సదస్సు", "గట్టు ఆక్వా సదస్సు" రెండూ పెడతాను. ఏదైనా ఏడాది అంకె లోగో బయటే, బ్రాండు పై వరుసలోనే. మేత కంపెనీ మేనేజరుతో మాట్లాడాను. సమర్పణ వరుసకైతే ఒక్క ఏడాదికి నాలుగున్నర ఇస్తానన్నాడు, మిగతా మేత కంపెనీలు స్టాళ్లు పెట్టుకున్నా సరేనన్నాడు. వాళ్లు లక్షన్నర చొప్పున ఇస్తారో లేదో అడగాలి. శేషు గారూ, నెల్లూరు నుంచి ఎవరైనా ఆదివారం వచ్చి మీ మాట మీరే చెప్పండి, నేను చెప్తే వినరు.

నెల్లూరు శేషు
వస్తాం. గోదావరికి మాత్రం ఒప్పుకోం, ముందే చెప్తున్నా.

కైకలూరు మేత షాపు
అన్నా, ఆ స్టాలు 25 వేలకి మూడు బై మూడు మీటర్లా, రెండు బై రెండా? కరెంటు పాయింటు అందులో కలిపేనా?